ఓబీ గుట్టల మీద మట్టి ఎందుకు పుట్టలేదు

భూపాలపల్లి, గోదావరిఖని, శ్రీరాంపూర్ దిక్కు పోతుంటే ఓబీ గుట్టలు, అంటే బొగ్గు మీద నుంచి తీసి పోసిన రాయీ మట్టీ గుట్టలు, దూరం నుంచి పచ్చగానే కనిపిస్తాయి. నీలగిరి, సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ, కానుగ వరుసలు తీరి ఉంటాయి. చాలాచోట్ల దగ్గరికి పోయి ఎండాకుల పొరను కాలితో పక్కకు జరిపితే కింద ఇసుకరాయి ముక్కలు, నల్లటి షేల్ పెచ్చులు పోసిన నాటిలాగే ఉంటాయి. చెట్టు ఎదిగినా దాని కింద మట్టి తయారుకాలేదు. దీనికి కారణం చెట్ల జాతి ఒక్కటే కాదు, గుట్ట మీద ఏ పని ముందు చేశాం, ఏది లెక్కపెట్టాం అన్నది కూడా.

సింగరేణిలో తవ్వకం 1889లో మొదలైంది. చాలాకాలం అంతా భూగర్భ గనులే కాబట్టి పైకి వచ్చే రాయి తక్కువ. ఖాళీ అయిన గదుల్లో గోదావరి ఇసుక నింపేవారు. 1975లో యాంత్రిక ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచే తవ్వుకుంటూ పోయే గని, వచ్చాక లెక్క తిరగబడింది. టన్ను బొగ్గు కోసం అయిదారు ఘనపు మీటర్ల రాయీ మట్టీ తీయాల్సిన చోట్లున్నాయి. తీసిన రాయి గుల్లబారి ఇంకా ఎక్కువ జాగా అడుగుతుంది. తొలినాళ్ల గుట్టల్లో పైన ఉండాల్సిన అడుగు మందం పొలం మట్టి వేరుగా నిలవలేదు. డంపర్లు పోసిన వరుసలో అది ఎక్కడో అడుగున పడిపోయింది.

1980 అటవీ సంరక్షణ చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, 1994 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2009లో బొగ్గు శాఖ గని మూసివేత ప్రణాళికను తప్పనిసరి చేసి, ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఆ పని కోసమే పక్కన పెట్టే ఎస్క్రో ఖాతాలో జమ చేయమంది. అయితే గుట్ట మీద పని జరిగిందా అని చూడటానికి సులువైన కొలత ఎప్పుడూ మొక్కల సంఖ్యే. ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి అన్నది రిజిస్టర్‌కు ఎక్కుతుంది. కింద మట్టి ఎంత మందం తయారైందన్నది అంత తేలిగ్గా ఎక్కదు.

ఆ కొలతకు తగ్గట్టే గుంత పద్ధతి స్థిరపడింది. రెండున్నర మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు 1600 గుంతలు. ఒక్కోటి 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు. అన్నీ మంచి మట్టితో నింపితే పట్టేది సుమారు 146 ఘనపు మీటర్లు, కప్పేది హెక్టారులో 3 శాతం. మిగతా 97 శాతం డంపర్లు తొక్కిన రాయే. మొక్క రెండు మూడేళ్లు గుంతలో బాగానే లేస్తుంది. ఆ తర్వాత వేరు గుంత గోడకు తగిలి పూలకుండీలో తిరిగినట్టు చుట్టూ తిరుగుతుంది. కొమ్మల చివర్లు ఎండటం, ఎదుగుదల ఆగటం అప్పుడే కనిపిస్తాయి. వరుసల మధ్య వాన నీరు ఇంకదు, జారిపోతూ గండ్లు కొడుతుంది.

తర్వాతి కాలంలో పైమట్టిని విడిగా తీసి దాచడం మొదలైంది. మంచి పనే, కానీ దాచిన కుప్పలో మట్టి బతికి ఉండదు. ఎత్తు రెండు మీటర్లు దాటితే లోపలికి గాలి ఆడదు. గడ్డి గింజలు, వేర్లకు తోడుండే మైకోరైజా శిలీంధ్రం ఒకటి రెండు వానకాలాల్లో బాగా తగ్గిపోతాయి. పదేళ్లు దాచి పరిచింది రంగుకు మట్టే గానీ పనికి రాతిపొడితో సమానం. ఈ ఏడాది తీసిన మట్టిని ఈ ఏడాదే గుట్ట మీద మెట్టులా తయారుగా ఉన్న బెంచీ మీద పరచడం అన్నిటికన్నా మేలు. అందుకు తవ్వకం ప్లాను, డంపు ప్లాను ఒకే బల్ల మీద ఉండాలి.

ఇక్కడ ల్యాబ్ రిపోర్టుతో ఒక చిక్కుంది. చదును చేసిన హెక్టారు బెంచీ నుంచి తీసిన నమూనాలో సేంద్రియ కర్బనం 1.4 శాతం వచ్చిందనుకుందాం. మన పొలాల లెక్కన 0.75 దాటితే ‘ఎక్కువ’. కాబట్టి నత్రజని తగ్గించమని సిఫారసు వస్తుంది. కానీ అది ఆకూ అలమూ కుళ్లి తయారైన హ్యూమస్ కాదు, బొగ్గు పొడి. పరీక్షలో వాడే డైక్రోమేట్ అనే రసాయనం బొగ్గులోని కర్బనాన్ని కూడా కొంత లెక్కలోకి లాగేస్తుంది. బొగ్గులో ఉన్న నత్రజని మొక్కకు అందేది కాదు. అందుకే అందుబాటులో ఉన్న నత్రజనిని విడిగా పరీక్షించమని అడగాలి. హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. అనుమానం తీరకపోతే ఆ మట్టి నింపిన కుండీలో నాలుగు జొన్న గింజలు వేస్తే చాలు. మూడు వారాలకు కింది ఆకులు కొస నుంచి పసుపు పడితే రిపోర్టు మాట వదిలేయొచ్చు.

ఆ హెక్టారు మీద పని మే నెలలో, నేల పొడిగా ఉన్నప్పుడే మొదలవ్వాలి. డోజర్ వెనక రిప్పర్‌తో వాలుకు అడ్డంగా, మీటరుకొక చాలు చొప్పున 50 సెంటీమీటర్ల లోతు చీల్చాలి. తడి మీద చీలిస్తే పగలదు, చాలు గోడలు మెత్తినట్టు నున్నగా అవుతాయి. 15 సెంటీమీటర్ల మందం పైమట్టికి 1500 ఘనపు మీటర్లు కావాలి. టిప్పర్లు దూరపు చివర నుంచి పోసుకుంటూ వెనక్కి రావాలి, పరిచిన మట్టి ఎక్కకూడదు. గ్రేడర్‌తో నున్నగా సాపు చేసి ఫొటో తీయించుకోవడం ఒక అలవాటు. ఆ నునుపే మొదటి గట్టి వానకు మట్టిని కిందికి జార్చేది.

ఇసుకరాయి పొడికి నీళ్లు పట్టుకునే గుణం తక్కువ. దానికి ఓరుగల్లు పక్క రైతులకు ఎప్పటి నుంచో తెలిసిన మందే ఉంది, చెరువు పూడిక మట్టి. హెక్టారుకు 100 ఘనపు మీటర్లు, అంటే ట్రాలీకి మూడు చొప్పున 33 ట్రిప్పులు. పరిస్తే ఒక సెంటీమీటరే అవుతుంది. దాన్ని పొరగా వదిలేస్తే ఎండకు నెర్రెలిచ్చి పెచ్చులు లేస్తుంది, రోటవేటర్‌తో 10–15 సెంటీమీటర్లలో కలిపేయాలి. అదే దుక్కిలో 20 టన్నుల మాగిన పెంట ఎరువు, 375 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ పోవాలి. పెంటలో నత్రజని అర శాతం అనుకుంటే మొత్తం 100 కిలోలు, మొదటి ఏడు మొక్కకు అందేది అందులో మూడో వంతు. దొరుకుతుంది కదా అని పచ్చి రంపపు పొట్టో, మాగని పత్తి కట్టె తురుమో కలిపితే ఉన్న నత్రజనిని సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి.

మొదటి మూడు వానకాలాలు చెట్లు వద్దు, గడ్డీ పప్పుజాతి మొక్కలే. స్టైలో హమాటా 6 కిలోలు, అంజన్ గడ్డి 4 కిలోలు, నీడకు జనుము 10 కిలోలు సరిపోతాయి. స్టైలో గింజ పెంకు గట్టిది. 80 డిగ్రీల వేడి నీళ్లలో నాలుగు నిమిషాలు ముంచి, ఆరబెట్టి, వేర్లలో నత్రజని పట్టే రైజోబియం బ్యాక్టీరియాను పట్టించాలి. జూన్ చివర నేల తడిశాక నాలుగింతల సన్న ఇసుకతో కలిపి చల్లి, ముళ్లకంప ఈడ్చితే చాలు. సెంటీమీటరు కన్నా లోతుకు పోతే మొలక పైకి రాదు. పైన హెక్టారుకు 5 టన్నుల వరి గడ్డి పలచగా కప్పాలి. పొలంలో వేసినంత జనుము వేస్తే దాని నీడలో స్టైలో చస్తుంది. పూత మొదలవగానే జనుము కోసి అక్కడే పడేయాలి. ఆ ఏడు మేకలు ఎక్కకుండా చూసుకోవడమే పెద్ద పని. ఆ తర్వాత మార్చిలో నిప్పు భయం, కాబట్టి అంచుల్లో మూడు మీటర్ల పట్టీ గీకి పెట్టాలి.

నాలుగో వానకాలానికి ముందు పది చోట్ల గడ్డపారతో 30 సెంటీమీటర్ల గుంత తీసి చూస్తే సంగతి తెలుస్తుంది. పై అయిదు సెంటీమీటర్లు ముదురు రంగుకు తిరిగి, పిడికిట్లో పట్టి వదిలితే గింజలు గింజలుగా విడిపోవాలి. గడ్డి వేర్లు పైమట్టి, రాయి కలిసే గీతను దాటి కిందికి దిగి ఉండాలి. అట్లా ఉన్నచోట వేప, నారేప, సండ్ర, వెదురు నాటొచ్చు. వేర్లు 15 సెంటీమీటర్ల దగ్గర పక్కకు తిరిగి చాపలా అల్లుకుంటే రిప్పర్ ఆ జాగాలో సరిగా దిగలేదని అర్థం. అక్కడ మళ్లీ చీల్చి, ఇంకో రెండేళ్లు గడ్డితోనే ఉంచాలి.