రెండు బుకీల మధ్య కొబ్బరికాయ లెక్క

పాలకొల్లులో కాయ రేటు తక్కువ, అంబాజీపేటలో ఎక్కువ ఉందనుకోండి. ఇక్కడ కొని అక్కడ అమ్మితే లారీ కిరాయి పోను మిగిలిందంతా లాభమే. బెట్టింగ్‌లో ఇలాంటి పనినే ఆర్బిట్రేజ్ అంటారు. ఇంగ్లాండులో లైసెన్సున్న బుకీల దగ్గర మా బావ కొన్నాళ్లు ఇదే చేశాడు (మన ఆంధ్రలో 2020 నుంచి ఆన్‌లైన్ బెట్టింగ్ నేరం, కాబట్టి ఇది చదివి యాప్‌లు వెతక్కండి).

ఒక టెన్నిస్ మ్యాచ్ తీసుకుందాం. మొదటి ఆటగాడు గెలిస్తే ఒక బుకీ పౌండుకి 2.10 ఇస్తానన్నాడు, రెండోవాడు గెలిస్తే ఇంకో బుకీ 2.05 ఇస్తానన్నాడు. ఒకటిని ఈ రేట్లతో విడివిడిగా భాగిస్తే 0.476, 0.488 వస్తాయి, కూడితే 0.964. ఒకే బుకీ ఇచ్చే రెండు రేట్లతో ఇలా చేస్తే మొత్తం ఒకటి దాటుతుంది, ఆ దాటినదే వాడి కమిషన్. ఇక్కడ ఒకటికి తగ్గింది, అంటే సందు దొరికినట్టే. చేతిలో 1000 పౌండ్లుంటే 0.476ని 0.964తో భాగించి ఆ వంతు, అంటే 494, మొదటివాడి మీద పెట్టాలి. మిగతా 506 రెండోవాడి మీద. ఎవరు గెలిచినా 1037 చేతికొస్తాయి.

మొదటి పందెం కాశాక రెండోది కాసేలోపు 2.05 కాస్తా 1.90 అయితే లాభం ఆవిరైపోతుంది. అది చిన్న దెబ్బే. అసలు దెబ్బ రూల్స్‌లో ఉంటుంది. కాయ ఎక్కడైనా కాయే, కానీ ఒకే మ్యాచ్ మీద ఇద్దరు బుకీల దగ్గర కాసినవి ఒకే రకం పందేలు కావు. ఆటగాడు మధ్యలో తప్పుకుంటే ఒకడు పందెం రద్దు చేసి డబ్బు తిరిగిస్తాడు, ఇంకొకడు ఒక్క సెట్ పూర్తయితే చాలు, ముందుకెళ్లినవాడే గెలిచాడని లెక్క తేల్చేస్తాడు.

బావకి సరిగ్గా అదే జరిగింది. మొదటి సెట్ అయ్యాక రెండోవాడు మోకాలు పట్టుకుని వెళ్లిపోయాడు. 2.10 ఇస్తానన్న బుకీ పందెం రద్దు చేసి 494 వెనక్కిచ్చాడు, రెండో బుకీ 506 ఉంచేసుకున్నాడు. "ఏంటి బావా, ఖాయమన్నావుగా?" అంటే, "రూల్స్ పేజీ చదవలేదురా" అన్నాడు. మొదటివాడు తప్పుకునుంటే బావకే పెద్ద లాభం వచ్చేది, నిజమే, కానీ అప్పుడది జూదమే కదా. ఒక్కో మ్యాచ్‌కి 37 చొప్పున ఆ 506 పూడాలంటే 14 మ్యాచ్‌లు కావాలి.

ఆ పద్నాలుగూ ఆడనివ్వలేదు. 494, 506 లాంటి వింత మొత్తాలు పెట్టేవాణ్ణి, తగ్గబోయే రేటునే ప్రతిసారీ పట్టుకునేవాణ్ణి బుకీలు ఇట్టే గుర్తుపడతారు. ఖాతా మూయలేదు, పందేనికి 2 పౌండ్లకు మించకూడదని లిమిట్ పెట్టారు. ఆ లెక్కన మ్యాచ్‌కి మిగిలేది 15 పెన్స్.