మందు వికటించినప్పుడు మొదటి సూది ఏది? అపోహలు - వాస్తవాలు

బయటి క్లినిక్‌లలో ఇంజెక్షన్ వికటించి మా అత్యవసర విభాగానికి వచ్చినవారి చీటీలో నేను ముందుగా వెతికేది ఒక్కటే: అడ్రినలిన్ ఇచ్చారా, ఎన్ని గంటలకు? చాలా చీటీల్లో అలర్జీ మందు అవిల్, స్టెరాయిడ్ అయిన హైడ్రోకార్టిసోన్ అనే రెండు పేర్లే ఉంటాయి. అది చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

అపోహ: మందు పడకపోవడం అంతా ఒకటే.

వాస్తవం: గెల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు 1963లో దీన్ని నాలుగు రకాలుగా విడదీశారు. ఏ రకమో తెలుసుకోవడానికి గడియారం బాగా సాయపడుతుంది. మొదటి రకంలో ఐజీఈ ప్రతిరక్షకాలు మాస్ట్ కణాలను రెచ్చగొడితే అవి హిస్టమిన్ వంటి పదార్థాలను ఒక్కసారిగా వెదజల్లుతాయి. సాధారణంగా నిమిషాల్లో, అరుదుగా ఒకటి రెండు గంటల్లో బయటపడుతుంది. రెండో రకంలో ప్రతిరక్షకాలు రక్తకణాలనే నాశనం చేస్తాయి, పెన్సిలిన్ వాడుతుండగా రక్తం తగ్గిపోవడం దీనికి ఉదాహరణ. మూడో రకానికి మన పల్లెల్లో తెలిసిన ఉదాహరణ ఉంది: పాముకాటుకు విరుగుడు సీరం ఎక్కించిన వారం, పది రోజులకు జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తాయి. నాలుగోది టీ కణాల పని. మూర్ఛకు కార్బమజెపిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే ప్రమాదకర స్థితి ఇందులోదే. అక్కడ అడ్రినలిన్‌తో పనిలేదు, మందు వెంటనే ఆపి పెద్దాసుపత్రికి పంపాలి. అడ్రినలిన్ ప్రాణం నిలబెట్టేది మొదటి రకం ముదిరి, ఊపిరిని, రక్తప్రసరణను దెబ్బతీసే అనాఫిలాక్సిస్‌గా మారినప్పుడు.

అపోహ: టెస్ట్ డోసుకు ఏమీ కాలేదు కాబట్టి భయం లేదు.

వాస్తవం: మా వార్డులో సుమారు 40 ఏళ్ల మహిళకు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చేముందు చర్మంలో కొద్దిగా వేసి చూశారు. దద్దు రాలేదు. పూర్తి మోతాదు సిరలోకి వెళ్లిన మూడు నిమిషాలకు అరచేతులు దురద పెడుతున్నాయంది. ఆపై గొంతు పట్టేసింది. బీపీ 70/40. ఒంటి మీద మాత్రం ఒక్క దద్దురూ లేదు. దద్దుర్లు కనిపిస్తేనే అనాఫిలాక్సిస్ అనుకునేవారు ఇలాంటి చోటే మోసపోతారు.

అపోహ: అడ్రినలిన్ ఇస్తే గుండె ఆగిపోతుంది. అవిల్, స్టెరాయిడ్ చాలు.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. గుండె ఆగినవారికి ఇచ్చే మోతాదును, కొట్టుకుంటున్న గుండె ఉన్న మనిషికి సిరలో ఒక్కసారిగా ఎక్కిస్తే లయ తప్పే ప్రమాదం నిజంగానే ఉంది. కండరంలోకి ఇచ్చే సూది సంగతి వేరు. అది వదులైన రక్తనాళాలను బిగిస్తుంది, శ్వాసనాళాలను తెరుస్తుంది, మాస్ట్ కణాల నుంచి ఇంకా వెలువడే పదార్థాలను తగ్గిస్తుంది. అవిల్ దురదను తగ్గించగలదు కానీ పడిపోయిన బీపీని లేపలేదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది.

మా వార్డులోని ఆ మహిళకు సెఫ్ట్రియాక్సోన్ ఆపించాం. ఒక మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే అడ్రినలిన్ ఆంప్యూల్ నుంచి అర మిల్లీలీటరు, అంటే 0.5 మిల్లీగ్రాము, తొడ మధ్యభాగంలో వెలుపలి వైపు కండరంలోకి ఇచ్చాం. పిల్లలకైతే కిలోకు 0.01 మిల్లీగ్రాము. జబ్బ మీద చర్మం కింద ఎందుకు వద్దంటే, పిల్లల్లో చేసిన ఒక అధ్యయనంలో తొడ కండరంలో ఇచ్చిన మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి సగటున 8 నిమిషాలు పట్టింది, చర్మం కింద ఇచ్చినది 34 నిమిషాలు తీసుకుంది. ఊపిరి అందని మనిషికి ఆ తేడా చాలా పెద్దది.

ఐదు నిమిషాలకు బీపీ 80 దాటలేదు. అదే మోతాదు రెండోసారి ఇచ్చాం. ఆక్సిజన్ పెట్టి, కాళ్లు ఎత్తి, ఒక లీటరు సెలైన్ వేగంగా ఎక్కించాం. మధ్యలో ఆమె బాత్రూముకు వెళ్లాలని లేవబోయింది. అనాఫిలాక్సిస్‌లో పొత్తికడుపు మెలిపెట్టి అలా అనిపించడం మామూలే. ఆ క్షణంలో లేచి నిలబడితే గుండెకు చేరే రక్తం పడిపోయి ప్రాణం పోవచ్చు. నర్సు ఆమెను లేవనివ్వక బెడ్‌పాన్ పెట్టింది. ఆ రోజు ఆ నర్సు చేసినది సూదికి తీసిపోని వైద్యం. (ఊపిరాడక పడుకోలేనివారిని కాళ్లు చాపి కూర్చోనివ్వవచ్చు, నిలబడనివ్వకూడదు.) రెండో సూది తర్వాత పది నిమిషాలకు బీపీ 104కు వచ్చింది. అవిల్ ఇచ్చింది ఆ తర్వాతే, దురద కోసం.

అపోహ: తగ్గింది కదా, ఇంటికి వెళ్లవచ్చు.

వాస్తవం: కొందరిలో మందు మళ్లీ తగలకపోయినా గంటల తర్వాత లక్షణాలు తిరిగి వస్తాయి. రెండు సూదులు పడిన ఆమెను ఆ రాత్రంతా గమనించి మర్నాడు పంపాం. డిశ్చార్జి కాగితం మీద "ఇంజెక్షన్ పడదు" అని రాసి ఊరుకోలేదు. సెఫ్ట్రియాక్సోన్ అని పేరు, తేదీ, ఏం జరిగిందీ రాసి, నిర్మాణంలో ఒకే పక్క గొలుసున్న సెఫోటాక్సిమ్, సెఫిపైమ్ కూడా అలర్జీ నిపుణులు పరీక్షించేదాకా ఇవ్వవద్దని ఎర్ర సిరాతో చేర్చాం.