ఎండమావిలో వంగే కిరణం, జిరాక్స్ షాపులో వంగే కిరణం

ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట కర్నూలు నుంచి అనంతపురం వైపు నాలుగు వరసల రోడ్డు మీద వెళ్తే, డోన్ దాటినా గుత్తి దాటినా ముందర నీళ్లు నిలిచినట్టే ఉంటుంది. దగ్గరికి పోయేకొద్దీ ఆ నీళ్లు ఇంకా ముందుకు జరుగుతాయి. ఇది సంపూర్ణాంతర పరావర్తనం వల్ల జరుగుతుందని ఇంటర్‌లో చదువుకున్నాం. పరీక్షకు ఆ జవాబు సరిపోతుంది గానీ, కాస్త ఆగి ఆలోచిస్తే అందులో ఒక చిక్కు ఉంది.

ఆ పాఠంలో గాలిని పొరలుగా విడగొడతారు. రోడ్డుకు ఆనుకున్న పొర బాగా వేడి, పైపొరలు కాస్త చల్లన. వేడి గాలి పలచన, కాబట్టి దాని వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే అంకె, తక్కువ. ఆకాశం నుంచి ఏటవాలుగా దిగే కిరణం ఒక్కో పొర దాటేకొద్దీ ఇంకా పడుకుంటుంది. గుణకం n, నేలతో కిరణం చేసే కోణం θ అనుకుంటే, ఏ పొరలోనైనా n cosθ మారదు. కిందికి పోయేకొద్దీ n తగ్గుతుంది కాబట్టి cosθ పెరగాలి, అంటే కోణం చిన్నదవ్వాలి. ఒక ఎత్తులో θ సున్నా అవుతుంది. కిరణం నేలకు సమాంతరంగా పడుకుంటుంది. చిక్కు అక్కడే. ఇక దాటడానికి దాని ముందు పొర లేదు, తగిలి వెనక్కి తిరగడానికి అద్దంలాంటి తలం కూడా లేదు. అదే ఎత్తులో తిన్నగా సాగిపోయినా n cosθ మారదు. మరి పైకి ఎందుకు లేస్తుంది?

కిరణాన్ని మందం లేని గీతగా అనుకున్నంత కాలం దీనికి జవాబు దొరకదు. వెలుగు ఒక తరంగం. దాని ముందు అంచుకు కొంత ఎత్తు ఉంటుంది. పడుకున్న కిరణంలో ఆ అంచు నిలువుగా నిలబడి ఉంటుంది. కింది కొస వేడి గాలిలో ఉంది కాబట్టి కాస్త వేగంగా పోతుంది, పై కొస కాస్త వెనకబడుతుంది. దాంతో అంచు పైకి వాలుతుంది, కిరణం కూడా పైకి తిరుగుతుంది. ఇక్కడ పరావర్తనం అంటూ ఏమీ లేదు. దిగినంతసేపూ కిరణాన్ని వంచిన కారణమే అట్టడుగునా వంచింది. వక్రీభవన గుణకం ఎటు పెరుగుతుంటే కిరణం అటే వంగుతుంది. గుణకం ఎంత నిటారుగా మారితే అంత గట్టిగా వంగుతుంది. 1959లో సి.వి. రామన్, పంచరత్నం కలిసి ఎండమావుల మీద రాసిన పరిశోధన వ్యాసం కూడా తరంగాల వైపు నుంచే ఈ సంగతిని చూసింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. పైన గాలి 40 డిగ్రీలు, రోడ్డును తాకే గాలి 60 డిగ్రీలు అనుకుందాం. ఈ రెండింటి గుణకాల మధ్య తేడా 0.000015 దగ్గర ఉంటుంది. అంత చిన్న తేడాతో తిరగగలిగేది 0.3 డిగ్రీల కంటే తక్కువ వాలుతో వచ్చే కిరణం మాత్రమే. అంతకన్నా నిటారుగా వస్తే రోడ్డుకే తగులుతుంది. బైకు మీద కూర్చున్నవాళ్ల కన్ను ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, ఆ వాలుకు సరిపోయే దూరం సుమారు 270 మీటర్లు. అంతకంటే దగ్గర ‘నీళ్లు’ కనబడవు. మనం ముందుకు పోతే ఆ హద్దూ మనతోపాటే జరుగుతుంది, అందుకే ఎప్పటికీ అందదు. బండి పక్కన ఆపి, గొంతుక్కూర్చుని చూస్తే కన్ను సగం ఎత్తుకు దిగుతుంది, నీళ్లు కూడా దాదాపు సగం దూరానికి వస్తాయి. లెక్కను నమ్మనివాళ్లు రోడ్డు అంచున ఈ పరీక్ష చేసి చూడొచ్చు. బండ్లు చూసుకుని చేయండి.

ఆ 20 డిగ్రీల తేడా అంతా అడుగున రెండు సెంటీమీటర్ల మందంలోనే ఉందనుకుంటే, కిరణం వంపు 1.3 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలో ఒక చిన్న ముక్క అవుతుంది. ఆ రెండు సెంటీమీటర్లు దిగి మళ్లీ పైకి రావడానికి కిరణం సుమారు 15 మీటర్లు నడుస్తుంది.

ఇదే వంపును వేలెడు కూడా లేని గాజులోకి తేవచ్చు. అదే గ్రిన్ లెన్స్. దాదాపు అగ్గిపుల్లంత మందం ఉండే గాజు కడ్డీ, రెండు కొసలూ బల్లపరుపు. మామూలు లెన్స్‌కు ఉండే ఉబ్బు దీనికి ఉండదు. వంచే పనంతా లోపల జరుగుతుంది. నడిమి గీత దగ్గర గుణకం 1.6, అక్కడినుంచి 0.9 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న అంచు దగ్గర 1.54 అనుకుందాం. మధ్యలో ఎక్కువ కాబట్టి కిరణం ఎప్పుడూ మధ్య వైపే వంగుతుంది.

ఎంత తగ్గుతుందన్న దానికంటే ఎలా తగ్గుతుందన్నదే ఇక్కడ ముఖ్యం. గుణకం దూరపు వర్గాన్ని బట్టి, అంటే

n = n₀(1 − g²r²/2)

అన్న తీరులో తగ్గాలి. ఇందులో n₀ నడిమి గీత దగ్గరి గుణకం, r ఆ గీత నుంచి దూరం, g గుణకం ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే అంకె. అప్పుడు మధ్యకు లాగే వంపు, మధ్య నుంచి ఉన్న దూరానికి అనుపాతంలో ఉంటుంది. రెట్టింపు దూరంలో ఉన్న కిరణం రెట్టింపు గట్టిగా వంగుతుంది. ఊయల చిన్నగా ఊగినా కాస్త పెద్దగా ఊగినా ఒకే సమయం పట్టినట్టు, కిరణం మధ్యకు దగ్గరగా బయల్దేరినా దూరంగా బయల్దేరినా ఒకే పొడవులో నడిమి గీతను దాటుతుంది. పై అంకెలకు g విలువ మిల్లీమీటరుకు 0.3. ఒక పూర్తి ఊపుకు పట్టే పొడవు 2π/g, అంటే సుమారు 21 మిల్లీమీటర్లు. కడ్డీని అందులో పావుకు, 5.2 మిల్లీమీటర్ల దగ్గర కోస్తే, సమాంతరంగా లోపలికి వచ్చిన కిరణాలన్నీ సరిగ్గా రెండో కొస మీద కలుస్తాయి. సగం ఊపుకు బొమ్మ తలకిందులవుతుంది, పూర్తి ఊపుకు మళ్లీ నిటారుగా నిలుస్తుంది. గాజు అదే, కోసిన పొడవును బట్టి పని మారుతుంది. నాకైతే ఈ లెన్స్‌లో బాగా నచ్చేది ఇదే.

మన ఊళ్లలో జిరాక్స్ షాపులో ఉండే పలచటి స్కానర్లలో చాలావాటికి గాజు పలక కింద ఇలాంటి సన్నని కడ్డీలు వరసగా పేర్చి ఉంటాయి. వాటిని సగం ఊపుకు ఎక్కువ, పూర్తి ఊపుకు తక్కువ పొడవులో కోస్తారు. అప్పుడు ఒక్కో కడ్డీ కాగితంలో చిన్న ముక్కను నిటారుగా, ఉన్న సైజులోనే చూపిస్తుంది. నిటారుగా లేకపోతే పక్కపక్క కడ్డీల బొమ్మలు ఒకదాని మీద ఒకటి అతకవు.

కానీ ఒక ఇబ్బంది ఉంది. లావు పుస్తకం స్కాన్ చేస్తే కుట్టు దగ్గర అక్షరాలు మసకబారుతాయి, ఎందుకంటే అక్కడ కాగితం గాజును తాకదు. పై కడ్డీలో నడిమి గీతకు అర మిల్లీమీటరు దూరంలో నడిచే కిరణం గాలిలోకి సుమారు 14 డిగ్రీల వాలుతో బయటపడుతుంది. స్కానర్ కడ్డీలో కూడా వాలు అంతే అనుకుంటే, కాగితం ఒక్క మిల్లీమీటరు పైకి లేచినా చుక్క అర మిల్లీమీటరు వెడల్పుకు పరుచుకుంటుంది. అంగుళానికి 300 చుక్కలు చదివే స్కానర్‌లో అది ఆరు చుక్కల వెడల్పు. నాణేన్ని నిలబెట్టి స్కాన్ చేసి చూడండి. గాజును తాకిన అంచు తప్ప మిగతాదంతా మసకగా వస్తే లోపల ఉన్నవి ఈ కడ్డీలే అయ్యుండొచ్చు.

కడ్డీలు ఇంత సన్నగా ఉండటానికి కారణం వాటిని తయారుచేసే తీరులో ఉంది. జపాన్‌లో 1968లో ఈ లెన్స్‌లను సెల్ఫాక్ పేరుతో తెచ్చారు. థాలియం లాంటి బరువైన అయాన్లున్న గాజు కడ్డీని కరిగిన పొటాషియం ఉప్పులో ముంచి ఉంచుతారు. అంచుల నుంచి థాలియం బయటికి పోతుంది, దాని చోటికి పొటాషియం వస్తుంది, అక్కడ గుణకం తగ్గుతుంది. ఈ మార్పిడి మెల్లగా లోపలికి పాకి, గుణకం తగ్గే తీరు పైన చెప్పిన వర్గపు లెక్కకు దగ్గరగా వస్తుంది. అంచు దగ్గర మాత్రం వర్గపు లెక్క కాస్త తప్పుతుంది. అక్కడ వచ్చిన కిరణాలు మిగతావాటితో ఒకేచోట కలవవు. అందుకే కడ్డీ అంచు వైపు భాగాన్ని వీలైనంత తక్కువగా వాడతారు.

అయాన్లు లోపలికి పాకడానికి పట్టే సమయం మందానికి వర్గంగా పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల కడ్డీకి పట్టినంత సమయానికి నూరు రెట్లు ముంచి ఉంచితే తప్ప రెండు సెంటీమీటర్ల కడ్డీ తయారవదు. కెమెరాల్లో ఉబ్బెత్తు గాజులే ఇంకా ఉండటానికి ఇదొక కారణం.