"మీ అకౌంట్లో డబ్బులేస్తాం, కమీషన్ ఉంచుకోండి" - అపోహలు, వాస్తవాలు

బ్యాంక్ బ్రాంచ్‌లో కూర్చుంటాను కాబట్టి ఈ మాటలు కౌంటర్ అవతల నుంచి తరచూ వింటుంటా.

అపోహ: నేనెవర్నీ మోసం చెయ్యలేదు, వచ్చింది వచ్చినట్టు పంపేశా, నాకేంటి సంబంధం?

వాస్తవం: కేసులో ముందు కనిపించేదే మీ పేరు. ఒక డిగ్రీ కుర్రాడు అనుకోండి, టెలిగ్రామ్‌లో ఎవడో పరిచయమై "మా గేమింగ్ కంపెనీ అకౌంట్‌కి లిమిట్ అయిపోయింది బ్రో, నీ దాంట్లో వేస్తాం, 3 శాతం నీకే" అంటాడు. 1,80,000 పడతాయి, వీడు 5,400 ఉంచుకుని మిగతా 1,74,600 వాడు చెప్పిన అకౌంట్‌కి ఐఎంపీఎస్ కొడతాడు, అంతా పది నిమిషాల పని. ఆ డబ్బు పంపింది కంపెనీ కాదు, ఎక్కడో వేరే రాష్ట్రంలో ట్రేడింగ్ యాప్ మోసంలో పోగొట్టుకున్న ఒక పెద్దాయన. ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, డబ్బు ఆయన దగ్గర్నుంచి నేరుగా పడింది ఈ కుర్రాడి అకౌంట్లోనే కాబట్టి పోలీసుల లెక్కలో ఇది ఫస్ట్ లేయర్. టెలిగ్రామ్ వాడి పేరు ఎక్కడా ఉండదు, ఆధార్, పాన్, ఫొటోతో సహా దొరికేది వీడే. పైగా ఆ 5,400 ఉంది చూశారూ, "నాకు తెలీదు సార్" అన్నప్పుడు ముందు అడిగేది దాని గురించే. మోసం కేసు భారతీయ న్యాయ సంహిత 318(4) కింద పెడితే శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది.

అపోహ: డబ్బంతా పంపేశాగా, ఖాళీ అకౌంట్‌ని ఫ్రీజ్ చేస్తే నాకు పోయేదేంటి?

వాస్తవం: తర్వాత పడే జీతమో స్కాలర్‌షిప్పో కూడా అందులోనే ఇరుక్కుంటుంది. మమ్మల్ని బతిమాలినా లాభం లేదు, హోల్డ్ పెట్టించిన పోలీస్ స్టేషన్ నుంచి లెటరో, కోర్టు ఆర్డరో రావాలి, ఆ స్టేషనేమో వేరే రాష్ట్రంలో, భాష కూడా రాదు.

అపోహ: నేను ట్రాన్స్‌ఫర్లే చెయ్యలేదు, ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చానంతే.

వాస్తవం: ఇది ఇంకా ఘోరం. మీ పేరు మీద రోజుకి ఎంత తిరుగుతుందో మీకే తెలీదు. కరెంట్ అకౌంట్ తెరిపించి చెక్‌బుక్, కార్డు, సిమ్ముతో సహా కిట్ మొత్తం అడుగుతున్నారంటే అది మోసమే, అసలు ఆలోచించక్కర్లేదు.

అపోహ: డౌటొచ్చింది, వాడికే తిరిగి పంపేస్తే సరిపోతుంది.

వాస్తవం: వాడిచ్చే నంబరు డబ్బు పోగొట్టుకున్నవాళ్లది కాదు, ఇంకో అకౌంట్. రూపాయి కదపొద్దు, ఖర్చూ పెట్టొద్దు. బ్రాంచ్‌కి వచ్చి రాసిచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి, 1930కి గానీ cybercrime.gov.in లో గానీ మీరే చెప్పండి. భయపడి చాట్ డిలీట్ చేసేస్తుంటారు కొందరు, వాడు మిమ్మల్ని ఎలా నమ్మించాడో చూపించడానికి మీ చేతిలో ఉండేది ఆ చాటే మరి.