వడ్లు ఆరడానికి ఎంత వేడి కావాలి? ఎండ, డ్రయ్యర్ గురించి అపోహలు - వాస్తవాలు

ధాన్యం డ్రయ్యర్లు బిగించడం, నడిపించడం నా పని. కోతల రోజుల్లో కల్లాల దగ్గరా మిల్లుల దగ్గరా కొన్ని మాటలు పదే పదే వింటుంటాను, వాటిని నమ్మి రైతులు నష్టపోవడం కూడా చూస్తుంటాను. అందుకే లెక్కతో సహా రాస్తున్నా. అన్నిటికీ ఒకటే ఉదాహరణ తీసుకుందాం: ఒక టన్ను వడ్లు హార్వెస్టర్ నుంచి 22 శాతం తేమతో దిగాయి, కొనుగోలు కేంద్రంలో మద్దతు ధర రావాలంటే 17కి తేవాలి.

అపోహ: 22 నుంచి 17 అంటే 5 శాతమే కదా, టన్నుకి 50 కిలోల నీళ్లు పోతాయి.

పోయేది 60 కిలోలు. టన్నులో నీళ్లు 220 కిలోలు, నీళ్లు తీసేస్తే మిగిలే అసలు గింజ 780 కిలోలు. ఆ 780 మారదు. ఆరాక అది మొత్తంలో 83 శాతం అవ్వాలి, అంటే మొత్తం బరువు 940 కిలోలు. 50 అనుకుని కూర్చుంటే కాటా దగ్గర ఆ 10 కిలోల తేడాకి గొడవ మొదలవుతుంది, నిజానికి అక్కడ ఎవరూ మోసం చేసి ఉండకపోవచ్చు.

అపోహ: ఎండలో ఆరడానికి వేడి అక్కర్లేదు, డ్రయ్యర్‌కే బోలెడు వేడి కావాలి.

నీళ్లు ఆవిరి కావడానికి పట్టే వేడి రెండు చోట్లా ఒకటే. గింజలో ఉన్న నీళ్లు కిలో పోవాలంటే సుమారు 0.7 యూనిట్ల వేడి కావాలి, మనం కరెంటు బిల్లులో చూసే యూనిట్టే. మన 60 కిలోలకి 42 యూనిట్లు. ఎండైనా, డీజిలైనా, ఊకైనా ఇంతకంటే తక్కువలో పని జరగదు.

తేడా ఎక్కడంటే, వృథాలో. డ్రయ్యర్ నుంచి బయటికి పోయే గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది, గోడల నుంచి కొంత వేడి పోతుంది, అందుకని 42 కావాల్సిన చోట మంచి డ్రయ్యర్ కూడా 80 యూనిట్ల దాకా తీసుకుంటుంది. డీజిల్ అయితే 8 లీటర్లు. అదే ఊక పొయ్యి అయితే, పొయ్యిలో పోయే వేడిని కూడా కలుపుకుని, 30 కిలోల పైచిలుకు ఊక. టన్ను వడ్లు ఆడిస్తే దాదాపు 200 కిలోల ఊక వస్తుంది, అంటే వడ్లు ఆరడానికి కావాల్సిన ఇంధనం ఆ వడ్ల మీదే ఉంది, ఇంకా మిగులుతుంది కూడా. ఊక దొరికే చోట డీజిల్ బర్నర్ పెట్టుకోవడం నాకు అసలు నచ్చదు.

ఇప్పుడు ఎండ సంగతి. నాలుగు సెంటీమీటర్ల మందంతో పరిస్తే టన్ను వడ్లకి సుమారు 43 చదరపు మీటర్ల చోటు పడుతుంది. మంచి ఎండ ఉన్న రోజున చదరపు మీటరుకి 5 యూనిట్ల దాకా వేడి పడుతుంది. అంటే ఒక్క రోజులో 215 యూనిట్లు! కావాల్సింది 42. ఐదు రెట్లు వేడి పడుతున్నా వడ్లు ఆ పూటకే ఆరిపోవడం లేదంటే, కొరత వేడిది కాదన్నమాట. పడిన ఎండలో కొంత తిరిగి పైకి పోతుంది, కొంత కింద నేల లాగేసుకుంటుంది, చాలా భాగం గాలి ఎత్తుకుపోతుంది. పైగా గింజ లోపలి తేమ పైకి రావడానికి దాని టైమ్ అది తీసుకుంటుంది, ఎంత వేడి పెట్టినా ఆ వేగానికి ఒక హద్దు ఉంది.

అపోహ: ఎండ ఎంత మండితే వడ్లు అంత బాగా ఆరతాయి.

దీనివల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. మండే ఎండలో తారు రోడ్డు మీద పలచగా పోసి కదపకుండా వదిలేస్తే గింజ వేడి 50 డిగ్రీలు దాటిపోతుంది. పై పొర గబగబా ఆరి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తేమ ఉంటుంది, ఆ లాగులాటలో గింజ అడ్డంగా పగులుతుంది. పొట్టు లోపల జరిగేది కాబట్టి కల్లంలో ఎవరికీ కనపడదు, మిల్లులో నూకగా బయటపడుతుంది. యాసంగిలో అయితే కొంత పగులు చేనులోనే పడిపోతుంది. ఏప్రిల్, మే ఎండలకి పొలంలోనే గింజ చిట్లడం వల్లే తెలంగాణ యాసంగి వడ్లని పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుంది, ఉప్పుడు బియ్యం చేస్తే ఆవిరికి ఆ పగుళ్లు అతుక్కుంటాయి.

ఎండలో పగలడానికి ఇంకో దారి కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఆరిన గింజ మళ్లీ తేమ పీల్చినా పగులుతుంది. రాత్రి మంచులో కప్పకుండా వదిలేయడం, 13 శాతానికి ఆరిన పై పొరని 21 ఉన్న అడుగు పొరతో కలిపి కుప్ప చేయడం, ఈ రెండూ అదే పని చేస్తాయి. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే మీటర్ చక్కగా 17 చూపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. అందుకే మందం 2 నుంచి 4 సెంటీమీటర్లు దాటకుండా, అరగంటకోసారి తిరగేయాలి, మధ్యాహ్నం ఎండ మరీ మండితే కాసేపు పట్టా కప్పాలి, సాయంత్రం మంచు పడకముందే కుప్ప చేసి కప్పేయాలి. తిరగబోసే డ్రయ్యర్‌లో గింజ వేడి గాలిలో ఉండేది కాసేపే, మిగతా టైమ్ అంతా పై గదిలో ఊరుకుని ఉంటుంది, ఈలోగా లోపలి తేమ పైకి సర్దుకుంటుంది. అందుకే అది గంటకి ఒక శాతం చొప్పునే దించుతుంది, మన టన్నుకి ఐదారు గంటలు. త్వరగా కావాలని ఆపరేటర్ మీద ఒత్తిడి పెట్టకండి.

అపోహ: ముసురు పట్టినప్పుడు డ్రయ్యర్‌లో మంట బాగా పెంచాలి.

తుపాను రోజుల్లో డెల్టా జిల్లాల నుంచి ఈ ఫోన్లు చాలా వస్తాయి. బయట 25 డిగ్రీలు, గాలిలో తేమ 85 శాతం అనుకుందాం. ఆ గాలినే ఉత్తి ఫ్యాన్‌తో ఎన్ని రోజులు కొట్టినా వడ్లు 16, 17 దగ్గరే ఆగిపోతాయి. దాన్ని 40 డిగ్రీలకి వేడి చేస్తే చాలు, గాలిలో ఉన్న నీళ్లు అవే అయినా తేమ శాతం 37కి దిగుతుంది, అది వడ్ల తేమని బాగా లాగుతుంది. కావాల్సింది 15 డిగ్రీల పెంపు, దాంతో పాటు ధారాళంగా గాలి. విత్తనం వడ్లయితే 43 డిగ్రీలు దాటొద్దు, దాటితే మొలక శాతం పడిపోతుంది. తినే వడ్లకి తిరగబోసే డ్రయ్యర్‌లో గాలి 55 దాకా పోవచ్చు, వడ్లు కదలకుండా ఉండే పెట్టె డ్రయ్యర్‌లో అయితే విత్తనం హద్దే పెట్టుకోండి, అడుగు గింజ అంతసేపూ ఆ వేడిలోనే ఉంటుంది కాబట్టి.

అపోహ: 17 కంటే ఇంకా ఆరబెడితే మంచిదే.

నిల్వ పెట్టుకునేవాళ్లకి 14 కావాలి, నిజమే. అప్పుడే అమ్మేసేవాళ్లకి మాత్రం నష్టం. 14కి ఆరిస్తే మన టన్ను 907 కిలోలకి దిగుతుంది, 17 దగ్గర ఆపిన దానికంటే 33 కిలోలు తక్కువ. 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు, ఆ లెక్కన టన్నుకి 780 రూపాయలు గాలిలో కలిసినట్టే, ఇంధనం ఖర్చు వేరే.

మీటర్ పెట్టేటప్పుడు ఒక్కటి చూసుకోండి. డ్రయ్యర్ నుంచి తీసిన వెంటనే వేడి గింజ మీద పెట్టిన రీడింగ్‌ని నమ్మొద్దు, అప్పటికి పైన ఆరి లోపల తేమ ఉంటుంది, చల్లారాక మళ్లీ చూస్తే అంకె పెరుగుతుంది. నాలుగైదు చోట్ల నుంచి, అడుగు నుంచి కూడా, గింజలు తీసి విడివిడిగా కొలవండి. అంకెల మధ్య తేడా రెండు శాతం దాటితే కుప్ప సమంగా ఆరలేదని అర్థం. అలాగే వంద గింజలు చేత్తో పొట్టు తీసి, ఫోన్ టార్చ్ మీద పెట్టి చూడండి. అడ్డంగా సన్నటి గీతలున్న గింజలు ఎన్నో లెక్కపెడితే మిల్లుకి పోకముందే నూక సంగతి చాలావరకు తెలిసిపోతుంది.