మనసులో మెరిసే మాటను కాగితం మీద పెట్టడం

1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పనిచేసిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్, రోగులు పైకి చెబుతున్న మాటల వెనుక, వారికే అంతగా పట్టని మరో ఆలోచనల ప్రవాహం సాగుతోందని గమనించాడు. అడగకుండానే వచ్చి, ఆ క్షణానికి నిజమనిపించే ఈ పొట్టి వాక్యాలను ఆయన స్వయంచాలిత ఆలోచనలు అన్నాడు. ఆలోచననూ ప్రవర్తననూ సవరించి బాధను తగ్గించే మానసిక చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ వీటిని పట్టుకొని పరీక్షించే తీరును ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం.

లెక్కల పాఠం చెబుతున్న ఒక అధ్యాపకురాలికి వెనుక బెంచీలో ఇద్దరు విద్యార్థులు నవ్వుకోవడం కనిపించింది. ఆమె మొదట సందర్భాన్నీ, తర్వాత భావోద్వేగాన్నీ రాస్తుంది: సిగ్గు, నూటికి 80. ఆ క్షణంలో మనసులో ఏం మెదిలిందని థెరపిస్టు అడిగితే, చాలామందిలాగే ఆమె కూడా "వాళ్లెందుకు నవ్వారు?" అని రాస్తుంది. ప్రశ్నను పరీక్షించలేం కనుక, దాని వెనుక ఆమె అనుకున్న జవాబును బయటికి తీయాలి. "నన్ను చూసే నవ్వారు" అన్నది ఒక జవాబు. అదే నిజమైతే దాని అర్థమేమిటని మళ్లీ అడిగితే, "నాకు బోధించడం చేతకాదు" అన్న మాట వస్తుంది. సిగ్గును అంతగా పెంచింది ఈ రెండో మాటే. దాన్ని ఆమె 90 శాతం నమ్ముతోంది.

ఇక సాక్ష్యాలు. కెమెరాకు చిక్కే విషయాలను మాత్రమే రాయాలన్నది ఇక్కడ పనికొచ్చే నియమం. ఇద్దరు నవ్వారు, ఒక విద్యార్థి ఒకే సందేహాన్ని రెండుసార్లు అడిగాడు: ఇవి ఆ ఆలోచనకు అనుకూలం. తరగతి అయ్యాక ముగ్గురు ఆగి ఆ రోజు చేసిన లెక్కను ఇంకో పద్ధతిలో చేయవచ్చా అని అడిగారు, ఆరేళ్లుగా ఆమె ఇదే పాఠం చెబుతోంది: ఇవి వ్యతిరేకం. రెండు వైపులనూ కలుపుకొని ఆమె ఇలా రాస్తుంది: "వాళ్లు నవ్విన కారణం నాకు తెలియదు, లెక్కలో ఒక మెట్టు కొందరికి అర్థం కాలేదు, కానీ పాఠాన్ని అందుకున్నవాళ్లూ ఉన్నారు." ఇది "నేను గొప్ప టీచర్‌ని" అని తనకు తాను చెప్పుకోవడం కాదు. అలాంటి పొగడ్తను ఆమె మనసు ఒక్క పూట కూడా నమ్మదు.

మళ్లీ అంకెలు వేస్తే పాత ఆలోచన మీద నమ్మకం 50కి, సిగ్గు 45కి దిగవచ్చు. సున్నాకు రావాల్సిన పనిలేదు. అంకె అసలు కదలకపోతే మాత్రం, పట్టుకున్నది అసలు ఆలోచన కాదేమోనని అనుమానించాలి, లేదా కొత్త వాక్యం వట్టి ఓదార్పేమో చూడాలి.

"బుర్రకు తెలుస్తోంది, మనసు ఒప్పుకోవడం లేదు" అని చాలామంది చెప్పేది ఇక్కడే. అప్పుడు కాగితం చాలదు, ప్రయోగం కావాలి. సగం మందికి పైగా ఏమీ అర్థం కాలేదని రాస్తారంటూ ఆమె తన అంచనాను ముందే నమోదు చేసి, మరుసటి తరగతిలో పాఠం ఎంత అర్థమైందో రాయమని పేర్లు లేని చీటీలు పంచుతుంది. ఒకవేళ చీటీలు ఆమె భయాన్నే నిజం చేస్తే, ఆలోచనను సవరించే పని అంతటితో ఆపి, ఆ మెట్టును ఎలా చెప్పాలన్న సమస్యనే పరిష్కరించాలి.