బాక్సులో పట్టినంత మాత్రాన వ్యాసం చేరినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో స్కాలర్‌షిప్‌కో, యూనివర్సిటీ సీటుకో అప్లై చేసే పిల్లలు వ్యాసాన్ని ఇంట్లో రాసుకుని, పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో నెట్ సెంటర్‌కి తెస్తారు. రాయడం వాళ్ల పని, పోర్టల్ పెట్టెలో చెదరకుండా పడేలా చూడడం నా పని. రోజూ వినే మాటల్లో కొన్నింటికి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వర్డ్‌లో లెక్క సరిపోయింది కాబట్టి పోర్టల్‌లోనూ సరిపోతుంది.

గొడవంతా ఎంటర్ నొక్కిన చోటే. పేరా చివర మనం కొట్టే ఎంటర్‌ను వర్డ్ క్యారెక్టర్ల లెక్కలో వేసుకోదు. పోర్టల్ పెట్టె దాన్ని మామూలుగా ఒక క్యారెక్టర్‌గా లెక్కిస్తుంది. సబ్‌మిట్ నొక్కగానే బ్రౌజర్ ఆ ఒక్కదాన్నీ రెండు గుర్తులుగా మార్చి పంపుతుంది. వాటిని మళ్లీ ఒకటిగా కలిపేసే సర్వర్లూ ఉన్నాయి, రెండుగానే లెక్కగట్టేవీ ఉన్నాయి.

కాశీనగరం నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇంగ్లీషు వ్యాసం చూడండి. పరిమితి 1000 క్యారెక్టర్లు, వర్డ్ చూపించింది 985. ఆరు పేరాలు, ప్రతి రెండు పేరాల మధ్య ఒక ఖాళీ లైను. అంటే ఐదు చోట్ల రెండేసి ఎంటర్లు, మొత్తం పది. పెట్టె కింద 995 అని పడింది. ‘ఇంకా ఐదు మిగిలాయి కదా అన్నయ్యా’ అంది. సర్వర్ దగ్గర ఆ పది ఎంటర్లూ ఇరవై అయ్యాయి, మొత్తం 1005. ఎర్రక్షరాల్లో ఎర్రర్ వచ్చుంటే మేలే. ఆ పోర్టల్ ఎర్రర్ చూపించకుండా చివరి ఐదు క్యారెక్టర్లు కోసేసింది. ప్రివ్యూలో చివరి మాట సగంలో తెగింది, ఫుల్‌స్టాప్ లేదు. ఖాళీ లైన్లు తీసేసి, పేరాకు ఒక్క ఎంటర్ ఉంచితే సర్వర్ లెక్క 995కు దిగింది.

అందుకే ప్రివ్యూ తెరవగానే మొదట చివరి వాక్యం చూడమంటాను. పైనుంచి చదువుతూ వస్తే అప్పటికే తెలిసిన వ్యాసం కాబట్టి, తెగిన మాటను కూడా కళ్లు పూర్తి చేసేసుకుంటాయి.

అపోహ: తెలుగులో రాస్తే అక్షరాలు తక్కువ పడతాయి.

కంటికి తక్కువే, కంప్యూటర్‌కి కాదు. ‘పర్లాకిమిడి’ మన లెక్కలో ఐదక్షరాలు. పెట్టె మాత్రం గుణింతాల గుర్తులను, ఒత్తుకు ముందుండే పొల్లును కూడా విడివిడిగా లెక్కేసి 11 అంటుంది. పరిమితిని బైట్లలో పెట్టిన పోర్టలైతే ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున 33 అవుతాయి. ఒడియాకూ ఇదే లెక్క. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే. ఇంగ్లీషులో హాయిగా పట్టిన పెట్టె తెలుగులో మూడో వంతు దగ్గరే నిండిపోయిందంటే అది బైట్ల పెట్టె. అప్పుడు మాటలు తగ్గించుకోవడమే తప్ప వేరే చిట్కా లేదు.

అపోహ: పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా ఒకటే.

ఒకటి కాదు. పీడీఎఫ్‌లో కంటికి కనిపించే ప్రతి లైను చివరా చాలాసార్లు కాపీలో ఎంటర్‌గా దిగుతుంది. పేజీలో ముప్పై లైన్లుంటే ముప్పై ఎంటర్లు. లెక్క పెరగడమే కాదు, వాక్యం మధ్యలో విరిగి పద్యంలా నిలబడుతుంది. ముందు వర్డ్‌లో పేస్ట్ చేసి, అసలు పేరాల మధ్య మాత్రం ఖాళీ లైను ఉండేలా చూసుకుని, ఫైండ్-రీప్లేస్‌లో మూడు మార్పులు ఇదే వరసలో చేయండి. రెండో దాంట్లో రీప్లేస్ గడిలో ఒక్క స్పేస్ మాత్రమే కొట్టాలి.

```
1. Find: ^p^p   Replace: @@
2. Find: ^p     Replace: (space)
3. Find: @@     Replace: ^p
```

వరస మారిస్తే పేరాలన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి.

అపోహ: బోల్డ్ హెడ్డింగులు పెడితే చదివేవాళ్లకు సుఖం.

సాదా పెట్టెలో బోల్డ్ నిలవదు. కొన్ని పోర్టళ్ల ప్రివ్యూలో ఎంటర్ కూడా స్పేస్‌గా మారిపోతుంది. అప్పుడు ‘నా నేపథ్యం’ అన్న హెడ్డింగు కింది వాక్యంలో కలిసి ‘నా నేపథ్యం మా నాన్న జీడితోటలో పనిచేస్తారు’ అవుతుంది. వాట్సాప్ నుంచి తెచ్చినదైతే బోల్డ్ కోసం పెట్టిన స్టార్ గుర్తులు అలాగే మిగులుతాయి. కాస్త తెలిసిన కుర్రాళ్లు కొత్త లైను కోసం `<br>` అని టైపు చేస్తారు, అది అక్షరాలా అలాగే కనబడుతుంది, లేదా పోర్టల్ ఫారాన్నే తిప్పికొడుతుంది. హెడ్డింగు తీసేసి, ‘ఇక చదువు విషయానికొస్తే’ అన్నట్టు పేరా మొదటి వాక్యమే మలుపు చెప్పేలా రాయాలి. పేరాలు కలిసిపోయినా అర్థం నిలుస్తుంది.

అపోహ: డీటీపీ చేయించాం, పేస్ట్ చేస్తే చాలు.

పాతపట్నం వెళ్లి అను ఫాంట్‌లో టైపు చేయించుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రింటు ముత్యాల్లా ఉంటుంది, పెట్టెలో పడేసరికి పిచ్చి గుర్తులు. ఆ ఫాంట్ యూనికోడ్ కాదు, వేరే గుర్తులకు తెలుగు బొమ్మలు తొడిగిందంతే. కన్వర్టర్‌లో యూనికోడ్‌కు మార్చాక ఒత్తులు, పొల్లు ఉన్న మాటల్ని ప్రింటు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూడాలి, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. క్యారెక్టర్ల లెక్క చూసుకోవాల్సింది ఆ తర్వాతే.